తిరుప్పావైని అందరూ పాడుకునే తెలుగు పాటగా మలచడం: సిద్ధాంతం పలికే మాటల దగ్గర ఏం చేయాలి?

ప్రశ్న: “మా భజన బృందంలో వైష్ణవులు, శైవులు, స్మార్తులు అందరూ ఉన్నారు. తిరుప్పావైని తెలుగులో అందరూ కలిసి పాడుకునేలా రాయమని నన్ను అడిగారు. మొదటి పాశురంలో ‘నారాయణనే’ అన్న చోట కొందరికి ఇబ్బందిగా ఉంది. ‘దేవుడే’ అని మారుద్దామంటే వైష్ణవ పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఎంతవరకు మార్చవచ్చు?”

సమాధానం:

నారాయణ నామాన్ని మార్చకండి, దాని మీద ఉన్న ‘ఏ’కారాన్నీ తీసివేయకండి. మీరు మార్చగలిగినదీ, మార్చవలసినదీ ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తున్నదన్న విషయం ఒక్కటే. పాటకు ముందు ఒక ఎత్తుగడను, చివర ఒక ముగింపును చేర్చి, ఇది రేపల్లె కన్నెలు నోము పట్టి పాడుకున్న పాట అనీ, దానిని ఆండాళ్ తన పాటగా చేసుకుని పాడిందనీ పాటలోనే చెప్పించండి. లోపలి మాటలను ఉన్నవి ఉన్నట్టే తెలుగులోకి తెండి. దీనితో పాటు మీ రచనకు ‘తిరుప్పావై’ అని పేరు పెట్టకండి. ‘ఆండాళ్ తిరుప్పావై ఆధారంగా’ అని స్పష్టంగా రాయండి. ఇలా చేసిన బృందాల్లో గొడవ చాలావరకు సద్దుమణగడం నేను చూశాను. ఎందుకు సద్దుమణుగుతుందో, ఎక్కడ ఈ ఉపాయం పనిచేయదో కొంచెం వివరంగా చెబుతాను.

ముందుగా ఆ పాదాన్ని దగ్గరగా చూడండి: “నారాయణనే నమక్కే పఱై తరువాన్.” నారాయణుడే, మనకే, పఱ అనే వాద్యాన్ని ఇస్తాడు. ఇందులో రెండు ఏకారాలు ఉన్నాయి. మొదటిదానికి శ్రీవైష్ణవ వ్యాఖ్యాతలు చెప్పే అర్థం, ఇచ్చేవాడు ఆయన ఒక్కడే, ఆయనను పొందడానికి ఉపాయం కూడా ఆయనే, మరొక దైవమూ మరొక సాధనమూ లేవు అని. రెండవ ఏకారం పుచ్చుకునేవారి స్థితిని చెబుతుంది: వేరే దిక్కు లేనివారమూ, చేతిలో ఏ యోగ్యతా లేనివారమూ అయిన మనకే అని. అంటే శరణాగతి సిద్ధాంతమంతా ఆ రెండు అక్షరాల మీద నిలబడి ఉన్నది. ‘దేవుడు మనకు వరమిస్తాడు’ అని రాస్తే పాట మృదువుగా మారినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి ఆ పాశురం చెప్పదలచిన విషయమే మిగలదు. పెద్దలు ఒప్పుకోకపోవడాన్ని మొండితనంగా తీసుకోకండి. తిరుప్పావై వారికి కేవలం ఒక పాట కాదు, నిత్యానుసంధానంలో ఉన్న గ్రంథం. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతం స్థానంలో తిరుప్పావైనే అనుసంధిస్తారు. అటువంటి పాఠంలో ఒక అక్షరం కదిలితే వారికి కలిగే బాధ నిజమైనది.

రెండవ వైపు వారి ఇబ్బంది కూడా నిజమైనదే, కాకపోతే అది ఎక్కడున్నదో సరిగ్గా గుర్తించాలి. నారాయణ నామం పలకడానికి స్మార్తులకు సాధారణంగా ఏ అభ్యంతరమూ ఉండదు. శంకర పీఠాల శ్రీముఖాల్లోనే ‘నారాయణ స్మృతి’ చోటు చేసుకుంటుంది. శైవ కుటుంబాల్లోనూ ఆ నామాన్ని వినడానికి ఇష్టపడనివారు నాకు అరుదుగానే తారసపడ్డారు. ముల్లు గుచ్చుకునేది నామం దగ్గర కాదు, ‘ఏ’ దగ్గర. ‘నారాయణుడే’ అని తన నోటితో ‘మనకే’ అని కలుపుకుని పాడిన క్షణంలో, తన ఇంటి దైవాన్ని తాను కాదన్నట్టు అవుతుందేమోనని ఆ మనిషి తటపటాయిస్తాడు. సాధన సమయంలో దీనిని మీరే గమనించవచ్చు. అంతవరకు గట్టిగా పాడుతున్న గొంతు ఆ ఒక్క మాట దగ్గర తగ్గుతుంది, లేదా ‘నారాయణుడు’ అని ఏకారం మింగేసి ముందుకు పోతుంది. మీ బృందంలో ఎవరు ఎక్కడ గొంతు తగ్గిస్తున్నారో ఒకసారి శ్రద్ధగా వినండి. మీరు జాగ్రత్త పడవలసిన చోట్ల జాబితా దానంతట అదే తయారవుతుంది. ‘మీకు ఏ మాట అభ్యంతరం?’ అని అడిగితే మర్యాద కొద్దీ చాలామంది ఏమీ లేదనే అంటారు.

ఇబ్బంది మాటలో కాక, ఆ మాటను తన మాటగా ఒప్పుకోవడంలో ఉన్నది కాబట్టే ఎత్తుగడ ఉపాయం పనిచేస్తుంది. నేను ఒక బృందం కోసం చేసిన పద్ధతి ఇది:

*నారాయణుడే మనకే పఱ వాద్యమొసగునని*
*రేపల్లె కన్నియలు పాడిన నోము ఇది*
*కోదమ్మ తనదిగా పాడిన పాట ఇది*

కోదమ్మ అంటే ఆండాళే. మొదటి పాదంలో రెండు ఏకారాలూ చెక్కుచెదరలేదు. తెలుగుకు కూడా అదే ‘ఏ’ ఉన్నది కనుక దానిని వదిలేయడానికి భాష అడ్డం వచ్చిందని చెప్పుకునే వీలు కూడా లేదు. ‘అని’ అన్న మాటతో ఆ విశ్వాసం ఎవరిదో వారికే దక్కింది. శైవుడు దానిని గోపికల భక్తిగా ఆనందంగా పాడతాడు. వైష్ణవుడు వారితో పాటు తానూ ఆ మాట అంటున్నాననుకుని పాడతాడు. ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారు, ఎవరి నోటిలోనూ అబద్ధం లేదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు, తిరుప్పావైలోనే దీనికి ఆధారం ఉన్నది. ఇరవై తొమ్మిది పాశురాల వరకు గోపికల గొంతుతో పాడిన ఆండాళ్, ముప్పయ్యవ పాశురంలో పక్కకు వచ్చి నిలబడి, ఇది పట్టర్‌పిరాన్ కూతురు కోదై చెప్పిన తమిళ మాల అని తన పేరు తానే మూడో మనిషిగా చెబుతుంది. పాట లోపల ఒక గొంతు, పాట అంచున మరొక గొంతు ఉండటం మూలంలోనే ఉన్నది కాబట్టి, అంచున ఒక మాట చేర్చినందుకు నేను సంప్రదించిన పండితులెవరూ తప్పు పట్టలేదు.

అయితే ఈ మార్పును అంచుకే పరిమితం చేయండి; పాశురాలన్నిటినీ ‘వారు ఇలా అన్నారు’ అనే ధోరణిలోకి మార్చకండి. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. ఆండాళ్ తనను తాను గోపికగా భావించుకుని ‘మేము’ అని పాడటమే ఈ ప్రబంధానికి ప్రాణం. పాట పొడవునా ‘వారు’ అని రాస్తే అది కథాగానం అవుతుంది. రెండవ కారణం ఇంతకంటే ప్రమాదకరమైనది, చాలామంది రచయితల దృష్టికి రాదు. ఇరవై ఎనిమిదవ పాశురంలో గోపికలు తమ గురించి తాము “అఱివొన్ఱుమిల్లాద ఆయ్‌క్కులత్తు” అంటారు. తెలివి ఏమాత్రం లేని గొల్లకులంలో నీవు పుట్టడం మా పుణ్యం అని భావం. ‘మేము’ అని పాడినంతసేపూ అది వినయం. వ్యాఖ్యాతలు దానిని జ్ఞానం మొదలైన సాధనాలేవీ తమ దగ్గర లేవన్న ఒప్పుకోలుగా, శరణాగతికి కావలసిన అకించనత్వంగా వివరిస్తారు. అదే మాటను ‘తెలివిలేని గొల్లవారి ఇంట పుట్టితివి’ అని మూడో మనిషిలోకి మార్చారంటే, ఒక కులాన్ని పది మంది కలిసి తెలివిలేనివారని పాడినట్టవుతుంది. ఆ కులంవారు మీ బృందంలో ఉన్నా లేకపోయినా అది పాడవలసిన పాట కాదు. ఇక్కడ నేను ‘ఆవుల వెంట తిరిగేము, ఏమీ ఎరుగని వారము, మా ఇంట నీవు పుట్టితివి, అదే మా పుణ్యము’ అన్న ధోరణిలో రాస్తాను. కులం పేరు విడిగా నిలబడకుండా ‘మా ఇంట’లో ఒదిగిపోతుంది, ఒప్పుకోలు మాత్రం పూర్తిగా మిగులుతుంది. మొదటి పాశురాన్ని కాపాడిన ఉపాయమే ఇరవై ఎనిమిదవ దానిని పాడుచేయగలదు కాబట్టి, ఏ మార్పునైనా ముప్పై పాశురాలకూ ఒకేసారి అన్వయించే ముందు ప్రతి పాశురం దగ్గరా ఆగి చూడండి.

ఇక ‘పఱ’ సంగతి. పైకి అది నోముకు కావలసిన ఒక వాద్యం. తెలుగు చేసేవారు చాలామంది తొందరపడి దానిని మొదటి పాశురంలోనే ‘ముక్తి’ అనో ‘మోక్షం’ అనో రాసేస్తారు. అర్థం తెలిసినవారు చేసే పొరపాటే ఇది, ఎందుకంటే లోపలి అర్థం వాద్యం కాదని వారికి తెలుసు. కానీ ఆండాళ్ ఆ గుట్టును ఇరవై తొమ్మిదవ పాశురం వరకు దాచి ఉంచింది. అక్కడ గోపికలు “ఇఱ్ఱై ప్పఱై కొళ్వాన్ అన్ఱు కాణ్ గోవిందా” అంటారు: ఈ వేళ ఈ పఱ పుచ్చుకుని పోవడానికి రాలేదు గోవిందా, ఏడేడు జన్మలకూ నీతో సంబంధం ఉండాలి, నీకే మేము సేవ చేయాలి, మా తక్కిన కోరికలను నీవే మాన్పించు. మొదట మీరు పఱ అంటే మోక్షం అని రాసి ఉంటే, ఇక్కడికి వచ్చేసరికి ‘మోక్షం కోసం రాలేదు’ అని పాడించవలసి వస్తుంది. మోక్షమంటే ఆ నిత్యకైంకర్యమే అని నమ్మే సంప్రదాయం నోట ఆ మాట పలికిస్తే ఇరవై తొమ్మిదవ పాశురం తలకిందులవుతుంది. అలాగని ఇక్కడ మాత్రం వాద్యం అని రాస్తే, రెండు పాశురాల మధ్య ముడి తెగిపోతుంది. అందుకని పఱను చివరి వరకు పఱగానే ఉంచండి.

ఇందులోనే తెలుగువారికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉన్నది. ఇప్పుడు మనం బండి ఱను మామూలు రకారంలాగే పలుకుతున్నాం కనుక, ‘పఱ ఇస్తాడు’ అన్నది చెవికి ‘పర’మని, అంటే పరలోకమని వినబడుతుంది. అక్షరం చూసి పాడేవారికి ఇబ్బంది లేదు గాని, విని నేర్చుకునేవారు వెంటనే ఆ అర్థంలోకి జారిపోతారు. అందుకే పైన నేను ‘పఱ వాద్యం’ అని రాశాను. ఆ ఒక్క మాట చేర్చడం వల్ల పాదం కాస్త బరువెక్కింది, కానీ ఇరవై తొమ్మిదవ పాశురానికి చేరేవరకు అర్థం చెదరకుండా ఉన్నది.

ఇంతవరకు మార్చకూడని చోట్లు చెప్పాను. మార్చడానికి సంప్రదాయమే చోటిచ్చిన మాట కూడా ఒకటి చెప్పాలి. ఇరవై ఏడవ పాశురం “కూడారై వెల్లుమ్ శీర్ గోవిందా” అని మొదలవుతుంది. తనతో కూడని వారిని గెలిచే గుణాలు గల గోవిందా అని సంబోధన. దీనిని ‘శత్రువులను జయించే గోవిందా’ అని తెలుగు చేస్తే, అన్ని సంప్రదాయాల వారూ ఉన్న సభలో ఆ ‘కూడనివారు’ ఎవరన్న ప్రశ్న లేస్తుంది. నాకు తెలిసిన ఒక బృందంలో ఇతర దైవాలను కొలిచేవారినే అన్నారని ఒకరు అర్థం చేసుకుని సాధనకు రావడం మానేశారు. ఇక్కడ నామాన్ని గాని భావాన్ని గాని మార్చనక్కర లేదు, వ్యాఖ్యానం దగ్గరకు వెళితే చాలు. కూడని వారిని ఆయన గెలుస్తాడు, కూడిన వారి చేతిలో తానే ఓడిపోతాడు అని వ్యాఖ్యాతలు ఈ పాదాన్ని విప్పుతారు. ‘శీర్’ అంటే కల్యాణ గుణాలు కనుక, గెలుపు ఆ గుణాలతోనే అని చెప్పడానికి మూలంలోనే వీలుంది. పాశురం ముగింపు కూడా “కూడియిరున్దు కుళిరున్దు”, అంటే అందరూ కలిసి కూర్చుని చల్లగా ఉండటం. కాబట్టి ‘దూరమున్న వారినైనా గుణముతో గెలుచు గోవిందా’ అని రాస్తే అది మీరు చేసిన సర్దుబాటు కాదు, ఆ సంప్రదాయమే చెప్పిన అర్థం. వైష్ణవ పెద్దలకు చూపించినప్పుడు వారు దీనిని సంతోషంగా ఒప్పుకోవడమే కాక, మరింత మంచి మాటలు తామే అందించారు.

నేను పాటించే పద్ధతి దీని నుంచే వచ్చింది. ఇబ్బంది కలిగించే ప్రతి మాట దగ్గరా ముందు వ్యాఖ్యానం తెరవండి. తిరుప్పావైకి పెరియవాచ్చాన్ పిళ్ళై రాసిన మూవాయిరప్పడి, అళగియ మణవాళప్పెరుమాళ్ నాయనార్ రాసిన ఆఱాయిరప్పడి ఉన్నాయి. తమిళమూ సంస్కృతమూ కలగలిసిన వాటి మణిప్రవాళ భాష మీకు రాకపోతే వాటిని గురుముఖంగా చదివిన ఒకరి దగ్గర కూర్చోండి. వ్యాఖ్యానం ఆ మాటను విశాలం చేస్తే, ఇరవై ఏడవ పాశురంలోలాగా, ఆ విశాలమైన అర్థాన్నే రాయండి. వ్యాఖ్యానం ఆ మాటను మరింత బిగిస్తే, ‘నారాయణనే’ దగ్గరలాగా, అక్షరం కదపకండి. మీకు నచ్చిన అర్థం వ్యాఖ్యానంలో దొరకలేదని సొంతంగా కల్పించి, దానిని ఆండాళ్ పేరు మీద పాడించడం మాత్రం తగదు.

రాత ముగిశాక ఇద్దరికి వినిపించండి: ఆ సంప్రదాయంలో పుట్టి పెరిగి పాశురాలు కంఠస్థమైన ఒకరికి, ఆ సంప్రదాయం బొత్తిగా తెలియని ఒకరికి. ‘బాగుందా?’ అని అడగవద్దు. మొదటివారిని ‘ఇందులో ఏది పోయింది?’ అని అడగండి. రెండవవారిని ‘ఇది పాడితే మీరు దేనిని ఒప్పుకున్నట్టు అనిపించింది?’ అని అడగండి. ఒకసారి రెండవ ప్రశ్నకు ఒక శైవ గృహిణి, ‘కోదమ్మ నమ్మకాన్ని గౌరవించినట్టు అనిపించింది, నా నమ్మకాన్ని వదులుకున్నట్టు కాదు’ అన్నారు. నేను ఎదురుచూసిన జవాబు అదే.

కొందరు కష్టమైన పాశురాలను వదిలేసి తక్కినవి పాడుకోవచ్చా అని అడుగుతారు. మూల పాఠం చదువుతున్నప్పుడు వదలకూడదు, ఎందుకంటే ముప్పయ్యవ పాశురం “ముప్పదుమ్ తప్పామే” అని, ముప్పైనీ తప్పకుండా చెప్పేవారికే ఫలం చెబుతుంది. తెలుగు అనుసరణలో కొన్నిటిని ఎంచుకుని పాడుకోవచ్చు, కానీ అప్పుడు ఆ ఫలశ్రుతిని చివర అతికించకండి. పాడని దానికి ఫలం చెప్పడం సంప్రదాయజ్ఞులను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే పని.

ఇంత చేసినా ‘నారాయణుడే’ అని ఎలా పాడినా తమకు కుదరదనే శైవులు మీ బృందంలో ఉంటే, పాటను ఇంకా పలచన చేయకండి. వారికి తిరువెంబావై ఉన్నది. మాణిక్కవాచకర్ రాసిన ఆ ఇరవై పాటలు కూడా కన్నెలు తెల్లవారుజామున ఒకరినొకరు లేపుకునే నోము పాటలే, శివపరమైనవి, తిరుప్పావైలాగే ‘ఏలోరెంబావాయ్’ అని ముగుస్తాయి. ఒక పూట ఇవి కొన్ని, అవి కొన్ని పాడుకోండి. తిరువెంబావై పాడేటప్పుడు వైష్ణవులకు కూడా ఇదే ఎత్తుగడ పద్ధతి అవసరమవుతుందని మరచిపోకండి. అక్కడ శివుడి ఆధిక్యం అంతే గట్టిగా చెప్పబడింది.

చివరిగా, అచ్చు సంగతి. ప్రతి పాటకూ ఎడమ పేజీలో మూల పాశురాన్ని తెలుగు లిపిలో, కుడి పేజీలో మీ పాటను వేయించండి. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ, 1779లో తమ కీర్తనల సంకలనానికి రాసిన ముందుమాటలో, తమ కీర్తనలను ఎవరూ సవరించవద్దనీ, తప్పదనుకుంటే అసలు పాఠాన్ని పక్కనో పేజీ అడుగునో అచ్చు వేయమనీ కోరాడు, సవరించినవారి మాటలకు తాము బాధ్యులం కాకుండా ఉండటానికి. ఆండాళ్ తరఫున ఆ కోరికను మనమే తీర్చాలి. మూల పాశురాల మీద ఎవరికీ హక్కులు లేవు గాని, ఈ కాలపు తెలుగు అనువాదాల మీద ఉంటాయి. మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్ళూ ఆ హక్కు నిలుస్తుంది. కనుక ఎవరి అనువాదం నుంచైనా పాదాలు తీసుకోదలిస్తే ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి. అలా అడిగేటప్పుడు ఏ మాటను ఎలా మార్చబోతున్నారో కూడా రాసి పంపండి. 2001 నాటి ‘ఇన్ క్రైస్ట్ ఎలోన్’ అనే ఇంగ్లీషు కీర్తనలో దేవుని కోపం శాంతించిందన్న పాదాన్ని దేవుని ప్రేమ ఘనపరచబడిందని మార్చుకుంటామని అమెరికాలోని ఒక ప్రెస్బిటేరియన్ సంకలన సంఘం కోరితే రచయితలు ఒప్పుకోలేదు. సంఘం ఆ కీర్తనను 2013 నాటి తమ సంకలనంలో చేర్చలేదు గాని, అనుమతి లేకుండా మార్చి మాత్రం వేసుకోలేదు. మీకు కూడా ఏ అనువాదకులైనా కాదంటే, ఆ పాదాన్ని వదిలి మూలం నుంచి మీరే కొత్తగా రాసుకోండి.